నిశ్చితార్థంలో నాన్న చెప్పే నాలుగు స్వాగత మాటలు: మగపెళ్ళివారిలో మూడోవంతు ఒడియావాళ్ళు, కాస్త సరిచూడండి

బరంపురం చిన్నోడు

అందరికీ నమస్కారం. అక్క నిశ్చితార్థం వచ్చే నెల బరంపురంలోనే, కల్యాణమండపంలో. అబ్బాయివాళ్ళది రాయగడ. వాళ్ళ నాన్నగారు తెలుగువారు, అమ్మగారు కటక్‌లో ఒడియా ఇంటి ఆడపడుచు. మొత్తం 35 మంది వస్తున్నారు. అందులో కటక్ నుంచి వచ్చే పన్నెండుమందికి తెలుగు ముక్క రాదు. అబ్బాయి నాయనమ్మగారు కూడా వస్తున్నారు.

మా నాన్న చదువంతా ఒడియా మీడియం. ఇంట్లో తెలుగే గాని తెలుగు అక్షరాలు చదవలేరు. స్వాగతం తనే చెప్తానని ఒడియా లిపిలో ఇలా రాసుకున్నారు. నేను తెలుగులోకి ఎక్కించాను.

"పూజ్యులైన వరుని తండ్రిగారికి, వదినగారికి, విచ్చేసిన పెద్దలందరికీ హార్దిక స్వాగతం. ఈ శుభ అవసరంలో మీ రాక కోసం మేమందరం చాలా ఆగ్రహంతో ఎదురు చూస్తున్నాం. మీ అభిమానం మా మీద ఎల్లప్పుడూ ఉండాలి. మా చేష్టలో ఏదైనా లోపం ఉంటే క్షమించాలి. మేము పేదవాళ్ళం, మా అమ్మాయిని మీ చేతుల్లో పెడుతున్నాం. ఈ నిర్బంధం శుభంగా జరగాలి."

దీని తర్వాత పదహారుమంది పేర్లు, ఎవరు ఎవరికి ఏమవుతారో సహా. చదివించి చూస్తే ఆరు నిమిషాలు పట్టింది. రెండు నిమిషాలలోపు రావాలి, మర్యాద తగ్గకూడదు. ఎక్కడ కోయాలి? ఇది చెప్పాల్సింది గుమ్మం దగ్గరా, కూర్చున్నాకా?

పర్లాకిమిడి పంతులు

చిన్నోడూ, కోయడం తర్వాత. ముందు మాటలు చూడు. మీ నాన్నగారు తెలుగులో మాట్లాడుతున్నాననుకుని ఒడియాలో ఆలోచించారు. మన సరిహద్దు ఊళ్ళలో చదువుకున్నవాళ్ళందరికీ వచ్చే చిక్కే ఇది. రెండు భాషల్లోనూ ఉండే సంస్కృతం మాట ఒకటే, అర్థం వేరు.

ఒడియాలో ఆగ్రహ అంటే ఆసక్తి, ఉత్సాహం. తెలుగులో కోపం. "ఆగ్రహంతో ఎదురు చూస్తున్నాం" అంటే రాయగడ వియ్యంకుడుగారికి మీరంతా కర్రలు పట్టుకుని మండపం వాకిట్లో నిలబడ్డట్టు వినిపిస్తుంది. "శుభ అవసరం" కూడా అంతే. ఒడియాలో అది సందర్భం, తెలుగులో డబ్బవసరం లాంటి అవసరం. శుభ సందర్భం అనండి. "చేష్ట" ఒడియాలో ప్రయత్నం. తెలుగులో పిల్లలు చేసేవి చేష్టలు, ఆడపిల్ల తండ్రి చేసేవి ఏర్పాట్లు.

అన్నిటికన్నా పెద్దది చివరి మాట. ఒడియావాళ్ళు నిశ్చితార్థాన్ని నిర్బంధ అంటారు. రెండు కుటుంబాల పెద్దలు కూర్చుని మాట ఇచ్చిపుచ్చుకునే కార్యం అది. తెలుగులో నిర్బంధం అంటే బలవంతం, పోలీసులు పెట్టేది. "ఈ నిర్బంధం శుభంగా జరగాలి" అని మైకులో అంటే తెలుగువాళ్ళు నవ్వుతారు, కటక్‌వాళ్ళు ఎందుకు నవ్వుతున్నారో తెలియక ఒకరి మొహం ఒకరు చూసుకుంటారు. తాంబూలాలు అన్న మాట వాడండి. అది ఇద్దరికీ అర్థమవుతుంది, ఎలాగూ పళ్ళెం కళ్ళెదుటే ఉంటుంది.

"అభిమానం" విషయంలో చిక్కు తిరగబడింది. మీ నాన్నగారు దాన్ని శుద్ధమైన తెలుగు అర్థంలోనే వాడారు, తప్పు లేదు. కాని ఒడియాలో అభిమాన అంటే దగ్గరవాళ్ళ మీద వచ్చే అలక. "మీ అభిమానం ఎల్లప్పుడూ ఉండాలి" అన్నది కటక్‌వాళ్ళ చెవికి "మీరెప్పుడూ మా మీద అలిగే ఉండాలి" అన్నట్టు చేరవచ్చు. వాళ్ళకి తెలుగు రాదు గనక మిగతా వాక్యం అర్థం కాదు, ఆ ఒక్క తెలిసిన మాట దగ్గర చెవి ఆగుతుంది. దాని బదులు "ఆప్యాయత" అంటే పోతుంది.

రాయగడ రమణ

పంతులుగారు మరీ భయపెట్టేస్తున్నారు. రాయగడలో ఒడియావాళ్ళకి కూడా తెలుగు వచ్చు, బజారంతా తెలుగే. ఒడియాలో ఒక్క ముక్క అక్కర్లేదు, శుభ్రంగా తెలుగులో కానీయండి. స్వాగతం గుమ్మం దగ్గరే చెప్పాలి, స్వాగతమంటేనే గుమ్మం. పన్నీరు, గంధం, బొట్టు, ఆ వెంటనే నాన్నగారి మాట.

పర్లాకిమిడి పంతులు

రమణా, రాయగడ సంగతి నువ్వు చెప్పింది నిజమే. కాని ఆ పన్నెండుమందీ కటక్ నుంచి వస్తున్నారు. కటక్ బజారు తెలుగు బజారు కాదు కదా.

గుమ్మం సంగతికి వస్తే, అక్కడ చెయ్యాల్సింది చేతులతో, నోటితో కాదు. "రండి బావగారూ, రండమ్మా" అంటే చాలు. 35 మంది ఒకే బండిలో రారు. మొదటి బండి వచ్చాక రెండోది రావడానికి పది నిమిషాలు పట్టొచ్చు. మొదటి బండివాళ్ళకి స్వాగతం చెప్పేస్తే రెండో బండిలో ఉన్న నాయనమ్మగారికి చెప్పనట్టే. రెండుసార్లు చెప్తే అప్పగించిన పాఠంలా ఉంటుంది. పైగా చెప్పులు విప్పుతూ, చీర కుచ్చిళ్ళు సర్దుకుంటూ, పిల్లల్ని దింపుతూ ఉన్నవాళ్ళు వినరు.

సరైన చోటు ఒక్కటే. అందరూ కూర్చుని, మంచినీళ్ళు తాగి, గ్లాసులు వెనక్కి వెళ్ళాక, పురోహితుడు గణపతి పూజ ఎత్తుకోకముందు. ఆ మధ్యలో ఐదు నిమిషాల ఖాళీ దొరుకుతుంది. దాన్ని వదులుకుంటే మళ్ళీ దొరకదు. మీ నాన్నగారు పీట మీద కూర్చుని సంకల్పం చెప్పుకున్నాక మైకు కోసం లేవకూడదు. లగ్నపత్రిక చదివాక చెప్పడం మరీ ఆలస్యం. అప్పటికి అందరి చూపూ తాంబూలాల పళ్ళెం మీద, పిల్లల చూపు భోజనాల హాలు మీద ఉంటుంది.

ముహూర్తం ఎన్నింటికి?

బరంపురం చిన్నోడు

లగ్నపత్రిక రాయడం 10:40కి అన్నారు. మగపెళ్ళివారిని పదింటికల్లా రమ్మన్నాం.

పర్లాకిమిడి పంతులు

పదింటికి రమ్మంటే 10:10 అనుకో. బొట్టు, గంధం, కూర్చోబెట్టడం, మంచినీళ్ళు అన్నీ కలిపి 35 మందికి పదిహేను నిమిషాలకి తక్కువ కాదు. 10:25కి నాన్నగారు లేచి 10:27కి కూర్చుంటే పూజకి పదమూడు నిమిషాలు మిగులుతాయి, సరిపోతుంది. అదే ఆరు నిమిషాల ప్రసంగమైతే పురోహితుడు గడియారం చూస్తాడు, ఆయన చూస్తే అందరూ చూస్తారు. రెండో బండి ఇరవై నిమిషాలు ఆలస్యమైతే ప్రసంగాన్ని తగ్గించాలి గాని పూజని కాదు. అందుకే మూడు వాక్యాల పొట్టి రూపం కూడా నాన్నగారికి నోటికి వచ్చి ఉండాలి.

ధర్మాబాద్ దత్తు

మా నాందేడ్ జిల్లాలో ఎదురుకోలు అప్పుడు పెళ్ళికూతురి తండ్రి ఊరి పొలిమేర దాకా వెళ్ళి శేరువానీ వేసుకున్న పెళ్ళికొడుకుకి దండ వేసి, బెల్లం పానకం ఇచ్చి, అప్పుడు మాట్లాడతాడు. బ్యాండు ఉంటుంది, కాబట్టి గట్టిగా అరవాలి. మీరు కూడా ఊరి బయటే చెప్పేయండి, మండపంలో తలనొప్పి ఉండదు.

కొత్త వియ్యపురాలు

దత్తుగారూ, ఎదురుకోలు పెళ్ళికండీ. ఇది నిశ్చితార్థం. పెళ్ళికొడుక్కి ఇంకా పెళ్ళికొడుకు హోదా రాలేదు, ఈ రోజు పెద్దలది.

ధర్మాబాద్ దత్తు

అరె, నేను పెళ్ళనుకున్నాను. మా వైపు మరాఠీవాళ్ళు దీన్ని సాఖర్‌పుడా అంటారు. అన్నట్టు ఆగ్రహం గురించి పంతులుగారు చెప్పింది చదివితే నవ్వొచ్చింది. మరాఠీలో ఆగ్రహ అంటే ఇంకొంచెం తినండి అని భోజనాల దగ్గర బలవంతం చెయ్యడం. మా దగ్గర ఆగ్రహం లేకపోతే మర్యాద లేనట్టే! మా తమ్ముడి మావగారు తెలుగువాళ్ళ విందులో "ఆగ్రహం చేసి వడ్డించండి" అన్నారు, వడ్డించే కుర్రాడు బిత్తరపోయాడు.

కొత్త వియ్యపురాలు

చిన్నోడూ, వరసలు ఎవరూ సరిదిద్దలేదే. మీ నాన్నగారు అబ్బాయి తల్లిని "వదినగారు" అన్నారు. అది మీ అమ్మ పిలవాల్సిన పిలుపు.

వియ్యంకుడు మీ నాన్నగారికి బావగారు. బావగారి భార్య చెల్లెలో అక్కో అవుతుంది గనక ఆవిడ వయసులో చిన్నదైతే "చెల్లెమ్మ", పెద్దదైతే "అక్కయ్యగారు". మీ అమ్మ వైపు నుంచి చూస్తే వియ్యంకుడు "అన్నయ్యగారు", వియ్యపురాలు "వదినగారు". మగవాళ్ళు మైకు ముందు తడబడేది ఇక్కడే. ఇంట్లో భార్య నెల రోజులుగా ఫోనులో "వదినగారూ, వదినగారూ" అంటుంటే అదే నోట్లో నానుతుంది. పెద్ద తప్పని ఎవరూ అనరు, కాని వరసలు పట్టించుకునే ముసలమ్మలు ముందు వరసలోనే కూర్చుంటారు.

నాయనమ్మగారు బావగారి తల్లి గనక మీ నాన్నగారికి "అత్తయ్యగారు". "పెద్దమ్మగారు" అనో "అమ్మమ్మగారు" అనో మీ వరస ఆయన నోట రాకూడదు. "వరుని తండ్రి" అన్న మాట తీసేయండి. అది పత్రికలో అచ్చువేసే మాట. ఎదురుగా కూర్చున్న మనిషిని పట్టుకుని వరుని తండ్రిగారూ అంటే కోర్టులో పిలిచినట్టుంటుంది.

ఇంకొకటి. "మా అమ్మాయిని మీ చేతుల్లో పెడుతున్నాం" అన్నది అప్పగింతల మాట. పెళ్ళయ్యాక, పాలలో చేతులు ముంచి అప్పగించేటప్పుడు అనేది. నిశ్చితార్థం నాడే అనేస్తే మీ అమ్మ ఏడుపు మొదలెడుతుంది, అక్క ఏడుస్తుంది, మేకప్ పోతుంది, ఫోటోగ్రాఫర్ తల పట్టుకుంటాడు. "పేదవాళ్ళం" కూడా వద్దు. బరంపురం పట్టుచీర కట్టుకుని, మండపం మాట్లాడి, పేదవాళ్ళం అంటే ఎవరు నమ్ముతారు? కొందరు దాన్ని ఇచ్చిపుచ్చుకోవడాల గురించిన మాటగా కూడా తీసుకుంటారు.

గుణుపురం గౌరి

మాది కొంచెం వేరే సంగతి. అబ్బాయికి తండ్రి లేరు. తల్లి, పెదనాన్న వస్తున్నారు. మా నాన్న ఎవర్ని ముందు పలకరించాలి? పోయినాయన పేరు ఎత్తాలా వద్దా?

కొత్త వియ్యపురాలు

తాంబూలం ఎవరు అందుకుంటారో వాళ్ళనే ముందు పలకరించాలి గౌరీ. పెదనాన్నగారు పీట మీద కూర్చుంటే "బావగారూ" అని ఆయన్నే. కాని రెండో మాటే తల్లిది కావాలి, ఆవిడ ఎక్కడో వెనక వరసలో కూర్చున్నా సరే. అలా వెనక్కి వెళ్ళి కూర్చునే తల్లుల్ని మైకులోంచి "చెల్లెమ్మా, మీరు ముందుకి రండి" అని పిలవడం ఎంత స్వాగతమో అంత స్వాగతం. ముందే ఆవిడకి చెప్పి ఉంచండి, లేకపోతే ఇబ్బంది పడతారు. పోయినాయన పేరు విషయం వాళ్ళింట్లో అడగండి. కొందరికి వినాలని ఉంటుంది, కొందరు శుభకార్యంలో వద్దంటారు.

పర్లాకిమిడి పంతులు

పేరు ఎత్తమంటే ఒక్క వాక్యమే, అదీ మధ్యలో. మొదట్లో చెప్తే సభ బరువెక్కుతుంది, చివర చెప్తే ఆ బరువుతోనే పూజ మొదలవుతుంది.

రాయగడ రమణ

పదహారు పేర్లలో ఎవరి పేర్లు ఉంచాలో చెప్పండి మరి. ఒక్క పేరు వదిలితే మా రాయగడలో ఆర్నెల్లు చెప్పుకుంటారు.

పర్లాకిమిడి పంతులు

అందుకే అసలు పేర్లే వద్దు. పదహారు చదివితే పదిహేడోవాడికి కోపం. మూడు వరసలు చాలు. బావగారు, చెల్లెమ్మ, అత్తయ్యగారు. వరస పెట్టి పిలిస్తే పేరు పెట్టి పిలిచిన దానికన్నా దగ్గరగా ఉంటుంది, ఎవరూ జాబితా లెక్కపెట్టరు. మిగతా అందరూ "మీతో వచ్చిన పెద్దలు" లోకి వస్తారు. కటక్ పుట్టింటివాళ్ళని మాత్రం విడిగా చెప్పాలి, వాళ్ళు ఆ ఒక్క మాట కోసం ఎదురు చూస్తుంటారు.

కుర్రాడి పేరు చెప్పాలా అన్నది మీ ఇష్టం. నేనైతే వద్దంటాను. ఈ మాటలు పెద్దలు పెద్దలకి చెప్పుకునేవి.

మైకు మూర్తి

సౌండ్ సిస్టం పని చేసేవాణ్ణి, ఒకటి రెండు చెప్తాను. నాన్నగారి చేతికి మైకు ఇవ్వకండి. ఇస్తే నమస్కారం ఒంటిచేత్తో పెడతారు, వీడియోలో చెయ్యి ఊపుతున్నట్టు పడుతుంది. మీరే పక్కన నిలబడి గడ్డానికి జానెడు దూరంలో, కొంచెం కిందుగా పట్టుకోండి. ఆయన రెండు చేతులూ జోడించి మాట్లాడతారు. కాగితం కూడా అప్పుడు చేతిలో ఉండదు, అందుకే వాక్యాలు తక్కువ ఉండాలి. స్టాండు పెట్టచ్చు గాని స్టాండు వెనక నిలబడితే సభలో నాయకుడిలా ఉంటుంది.

సన్నాయివాళ్ళకి ముందే చెప్పండి, నాన్నగారు లేవగానే ఆపి, కూర్చోగానే మళ్ళీ ఎత్తుకోవాలని. చెప్పకపోతే మొదటి రెండు వాక్యాలు డోలు కింద పోతాయి. ఆ రెండిట్లోనే బావగారి పలకరింపు అంతా ఉంటుంది.

గుణుపురం గౌరి

పంతులుగారూ, "హార్దిక స్వాగతం", "విచ్చేసిన" అనేవి బాగున్నాయి కదా, అవీ తీసెయ్యాలా? కాస్త గ్రాంథికంగా ఉంటే గౌరవంగా ఉంటుందని మా మాస్టారు చెప్పేవారు.

పర్లాకిమిడి పంతులు

అమ్మా, గిడుగు రామమూర్తి పంతులుగారు పాఠాలు చెప్పిన ఊరు మాది. వాడుక భాష కోసం ఆయన అంత పోరాడిన ఊళ్ళో కూర్చుని నేను గ్రాంథికానికి ఓటు వెయ్యలేను. "విచ్చేసిన" గేటు మీద కట్టే బ్యానర్‌కి పనికొస్తుంది. ఇంటాయన నోట "వచ్చారు, చాలా సంతోషం" అంటే వచ్చినవాళ్ళ మొహం విప్పారుతుంది. గౌరవం "అండి"లోనూ, "గారు"లోనూ, జోడించిన చేతుల్లోనూ వచ్చేస్తుంది.

బరంపురం చిన్నోడు

మీరందరూ చెప్పినవి పెట్టి మళ్ళీ రాశాం. చూడండి.

"అందరికీ నమస్కారమండి. బావగారూ, చెల్లెమ్మా, తెల్లవారకుండా రాయగడలో బయలుదేరి, ఘాటీ దిగి మా ఇంటి శుభకార్యానికి వచ్చారు. మాకు చాలా సంతోషంగా ఉంది. అత్తయ్యగారు ఈ వయసులో అంత దూరం ప్రయాణం చేసి వచ్చారు. వారి చేతి అక్షింతలు పడటం మా పిల్లల అదృష్టం. కటక్ నుంచి వచ్చిన మా బంధువులకి, ఆపణమానంకు ఆమ ఘరకు స్వాగత. ఆపణమానే ఆసిఛంతి, ఆమే బహుత ఖుసి. మీ అందరి ఆప్యాయత ఇలాగే ఉండాలి. పెళ్ళి మాఘ బహుళ పంచమికి అనుకున్నాం. మర్యాదల్లో ఏదైనా లోటు వస్తే మన్నించాలి. తాంబూలాలయ్యాక అందరూ భోజనం చేసి, కాసేపు కూర్చుని గాని కదలకూడదు. పంతులుగారూ, ఇక మొదలుపెట్టండి."

నాన్నతో చదివిస్తే ఒక నిమిషం పది సెకన్లు వచ్చింది.

రాయగడ రమణ

బాగుంది. "ఘాటీ దిగి" అన్నది నాకు బాగా నచ్చింది. ఆ మలుపుల్లో ఎవరో ఒకరు వాంతి చేసుకునే ఉంటారు, ఆ కష్టం గుర్తించినట్టుంటుంది. ఒడియా మాటే, అంత గౌరవం అవసరమా? "తుమే ఆసిఛ, బహుత ఖుసి" అంటే సరిపోతుంది కదా, మేం రోజూ అలాగే మాట్లాడతాం.

పర్లాకిమిడి పంతులు

అయ్యబాబోయ్, వద్దు. అది బజారు ఒడియా. తుమే అంటే మన "నువ్వు", "మీరు"లకి మధ్యన, సమానుల మధ్య చనువుగా అనుకునేది. కూరగాయల దగ్గర బేరానికి బాగుంటుంది. వియ్యాలవారికి ఆపణ తప్ప ఇంకో మాట లేదు. చిన్నోడు రాసిందే సరైనది. మనవాళ్ళు ఒడియా బాగా వచ్చుననుకునే చోటే ఈ తప్పు జరుగుతుంది, ఎందుకంటే నేర్చుకున్నది బజార్లో, స్నేహితుల దగ్గర.

రెండు మార్పులు చెయ్యి. "ఆమ ఘరకు" అంటే మా ఇంటికి. మీరున్నది మండపంలో. "ఆపణమానంకు స్వాగత" అని ఆపెయ్యి, తక్కువ మాటలైతే పలుకు కూడా తడబడదు.

రెండోది, పెళ్ళి తేదీ తీసెయ్. మొదటి కారణం, అది లగ్నపత్రికలో పురోహితుడు చదవాల్సింది. తండ్రి ముందే చెప్పేస్తే ఆ పత్రిక చదవడంలో ఇంకేం మిగలదు. రెండో కారణం పంచాంగం. మన మాసం అమావాస్యతో ముగుస్తుంది, ఒడియావాళ్ళ మాసం పున్నమితో ముగుస్తుంది. మనకి మాఘ బహుళ పంచమి అయినది వాళ్ళ పాంజిలో ఫాల్గుణ కృష్ణ పంచమి. రోజు ఒక్కటే, మాసం పేరు వేరు. మాఘం అని విన్న కటక్ మేనమామ ఇంటికెళ్ళి పాంజి తీసి మాఘ కృష్ణ పంచమి చూసుకుంటే నెల ముందే టికెట్లు కొనేస్తాడు. పురోహితుడు తిథి చదివాక, ఇంగ్లీషు తేదీ, వారం గట్టిగా చెప్పమనండి.

కొత్త వియ్యపురాలు

"లోటు వస్తే మన్నించాలి" నాకు నచ్చలేదు. ఇంకా పెసరట్టు కూడా పెట్టకుండానే లోటు గురించి మాటెందుకు? అలా అంటే వెతకని వాళ్ళు కూడా వెతుకుతారు. దాని బదులు "ఏం కావాలన్నా మా అబ్బాయిని అడగండి" అని చిన్నోణ్ణి చూపిస్తే పనికొచ్చే మాట అవుతుంది.

పర్లాకిమిడి పంతులు

ఇక్కడ నేను మీతో ఏకీభవించనమ్మా. ఆడపిల్ల తండ్రి ఆ మాట అనకపోతే పొగరనుకునే పెద్దలు ఇంకా ఉన్నారు. ఉత్తరాంధ్ర వైపు సంబంధమైతే తప్పకుండా అనాలి.

కొత్త వియ్యపురాలు

ఉన్నారు, కాదనను. కాని మగపెళ్ళివారు ఆ మాట ఎప్పుడైనా అన్నారా? అందుకే నాకు నచ్చదు.

గుణుపురం గౌరి

నాన్నగారు ఒడియా లిపిలో చదువుతారన్నారు కదా. మా ఇంట్లోనూ అంతే. ఒడియాలో ఎ, ఏ రెండిటికీ ఒకే అక్షరం, ఒ, ఓ లకీ అంతే. వ, బ కూడా చాలాచోట్ల ఒకేలా రాస్తారు. రోజూ అనే మాటలైతే నోరే సర్దుకుంటుంది గాని "ఆప్యాయత" లాంటి కొత్త మాట వచ్చినప్పుడు కాగితం మీద తడుముకుంటారు. నేను మా నాన్నకి ఏం చేశానంటే, ఆ మాట తీసేసి ఆయన రోజూ అనే మాట పెట్టాను. "మీ అందరి ప్రేమ" అంటే లిపి ఏదైనా ఒకటే.

మైకు మూర్తి

గౌరిగారి మాట నిజం. కాగితం చూసి చదివేవాళ్ళు తలదించుకుంటారు, మైకు నెత్తికి పెట్టినట్టుంటుంది. ఇంట్లో నిలబడి, చేతులు జోడించి, ఐదారుసార్లు అనిపించండి. కూర్చుని చదివితే వచ్చే సమయానికి నిలబడితే ఇంకో పదిహేను సెకన్లు కలుస్తుంది.

బరంపురం చిన్నోడు

తేదీ తీసేశాం, ఇల్లు తీసేశాం, ఆప్యాయత పోయి ప్రేమ వచ్చింది. "లోటు" మాట దగ్గర ఇంట్లోనే రెండు పార్టీలయ్యాయి. నాన్న ఉంచాలంటున్నారు, అమ్మ కొత్త వియ్యపురాలిగారి వైపు. ఇంకో అనుమానం. ఒడియా వాక్యం మధ్యలో ఉండాలా, మొట్టమొదట చెప్పేయాలా? మధ్యలో ఉంటే అప్పటిదాకా కటక్‌వాళ్ళు ఊరికే కూర్చోవాలి కదా.

రాయగడ రమణ

మొదటే. పన్నెండుమంది దూరాన్నుంచి వచ్చారు.

కొత్త వియ్యపురాలు

మొదట చెప్తే బావగారి కన్నా ముందు ఆయన అత్తింటివారికి స్వాగతం చెప్పినట్టు. రాయగడ పెద్దలు ఊరుకుంటారా? అర నిమిషం ఆగితే కటక్‌వాళ్ళకి ఏమీ కాదు.

పర్లాకిమిడి పంతులు

"నమస్కార" రెండు భాషల్లోనూ ఒకటే. మొదటి మాట దానితో సరిపెట్టి, ఆ మాట అంటున్నప్పుడు నాన్నగారి చూపు కటక్‌వాళ్ళు కూర్చున్న వైపు ఉండేలా చూడండి. వాళ్ళని ఎటు కూర్చోబెడుతున్నారో ముందే అనుకున్నారా?

బరంపురం చిన్నోడు

అనుకోలేదండి. కుడివైపు రెండో వరస అని ఇప్పుడే రాసి పెట్టాను. నాన్న హాల్లో నిలబడి కుడివైపు బీరువాకి నమస్కారం పెట్టి మొదలెట్టారు. "చెల్లెమ్మా" దగ్గర ఇంకా "వదిన—" అని ఆగుతున్నారు.